చేసిన పని చూపించి రిఫరల్ తెచ్చుకోవడం: అమెరికాలో ఉద్యోగం వెతికే నెల్లూరు, ప్రకాశం ఇంజినీర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలోనో ఒంగోలులోనో బీటెక్ చేసి, అమెరికాలో ఎంఎస్ ముగించి, ఓపీటీ మీద ఉద్యోగం వెతుకుతున్నవాళ్ళ కోసం ఈ పేజీ. లింక్డ్‌ఇన్‌లో, గిట్‌హబ్‌లో మీ పని నలుగురి కంటా పడేలా పెడితే అది రిఫరల్ దాకా ఎలా వెళుతుందో ఇందులో ఉంటుంది. అన్ని ప్రశ్నలకీ ఒకే ఉదాహరణ తీసుకున్నాం. అల్లూరు వైపు మేనమామ రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ లెక్కల మీద డేటా ఇంజినీరింగ్ ప్రాజెక్టు చేసి, డల్లాస్‌లో ఉద్యోగం వెతుకుతున్న అమ్మాయి అనుకోండి. మనిషి కల్పితం. ఆమెకి ఎదురైన తప్పులు మాత్రం ఇలాంటి డేటాతో పనిచేసే ఎవరికైనా ఎదురయ్యేవే.

రిఫరల్ అంటే లోపల అసలు ఏం జరుగుతుంది?

కంపెనీలో పనిచేసే మనిషి తమ లోపలి పోర్టల్ తెరిచి, ఉద్యోగం నంబరు వెతికి, మీ పేరు, ఈమెయిల్, రెజ్యూమే ఎక్కిస్తారు. చాలా కంపెనీల ఫారంలో ఆ తర్వాత రెండు మూడు ప్రశ్నలుంటాయి. ఈ మనిషి మీకెలా తెలుసు? కలిసి పనిచేశారా? ఈ ఉద్యోగానికి పనికొస్తారని ఎందుకు అనుకుంటున్నారు? చివరి ప్రశ్న కింద ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. ఈ పేజీ మొత్తం ఆ పెట్టె గురించే.

మిమ్మల్ని ఎరగని మనిషి ఆ పెట్టెలో రాయగలిగేది "మా ఊరి పిల్ల, మంచిది" అని. రిక్రూటరు దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. అదే మనిషి "సెన్సార్ డేటాలో తప్పిపోయిన రీడింగుల గురించి ఈమెతో రెండుసార్లు చర్చించాను, చెప్పిన సవరణ మూడు రోజుల్లో చేసి చూపించింది" అని రాస్తే రెజ్యూమే తెరుస్తారు. మీరు బయటపెట్టే ప్రాజెక్టూ పోస్టులూ ఎందుకంటే, ఆ రెండో వాక్యాన్ని ఒకరు అబద్ధమాడకుండా రాయగలగడానికి. లైకులు, ఫాలోయర్లు దీనికి అక్కరలేదు.

రిఫరల్‌తో దక్కేది ఒక మనిషి కళ్ళు మీ రెజ్యూమే మీద పడడం, అంతవరకే. ఇంటర్వ్యూ మీరే గెలవాలి. అమెరికా పౌరులకే అని రాసి ఉన్న రక్షణ రంగం ఉద్యోగాలకీ, వీసా స్పాన్సర్ చేయం అని తేల్చి చెప్పిన కంపెనీలకీ ఎంత పెద్దవాళ్ళు రిఫర్ చేసినా ఉపయోగం లేదు. అడగబోయే ముందు ఉద్యోగ ప్రకటన చివరి పేరా చదవండి, ఇలాంటివి అక్కడే రాసి ఉంటాయి.

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో సీనియర్లు చాలామంది ఉన్నారు. "అన్నా, రిఫరల్ ఇవ్వండి" అని అడిగితే చాలదా?

అడగొచ్చు, తప్పేమీ లేదు. ఇచ్చేవాళ్ళూ ఉంటారు. కానీ ఆ సీనియరుకి వారంలో అలాంటి మెసేజీలు ఎన్నో వస్తాయి, అందరూ ఒకే కాలేజీ, ఒకే కోర్సు, ఇంచుమించు ఒకే రెజ్యూమే. ఎవరికి ఏమొచ్చో ఆయనకి తెలిసే దారి లేదు. మొహమాటానికి పది మందిని రిఫర్ చేశాక, వాళ్ళలో ఒక్కరూ మొదటి రౌండు దాటకపోతే రిక్రూటర్లు ఆయన పంపేవాళ్ళని పట్టించుకోవడం మానేస్తారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు కాబట్టే "చూస్తాలే తమ్ముడూ" అని ఊరుకుంటారు.

ఊరి వరస పరిచయం తలుపు తడుతుంది. తలుపు తీశాక చేతిలో చూపించడానికి ఒక లింకు ఉండాలి.

ఎలాంటి ప్రాజెక్టు ఎంచుకోవాలి?

టైటానిక్ ప్రయాణికుల డేటా, ఇళ్ళ ధరల అంచనా, సినిమా రికమెండేషన్లు వదిలేయండి. నేర్చుకోవడానికి మంచివే, చూపించడానికి కావు. డేటా అప్పటికే శుభ్రంగా ఉంటుంది, జవాబులు నెట్‌లో ఉంటాయి, అందులో మీరు తీసుకున్న నిర్ణయం ఒక్కటీ కనపడదు.

మన జిల్లాల వాళ్ళకి ఒక సౌలభ్యం ఉంది, ఎందుకో చాలామంది దాన్ని వాడుకోరు. ఇంటి చుట్టుపక్కలే మురికి డేటా పుట్టే పనులు బోలెడు. కోస్తా పొడవునా రొయ్యల గుంటలు, చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలు, ఒంగోలు వైపు పొగాకు వేలం, పెన్నా మీద సోమశిల నీళ్ళు. అలాంటి చోట దొరికే డేటాలో రీడింగులు తప్పిపోతాయి, యూనిట్లు కలిసిపోతాయి, టైమ్ తప్పుగా ఉంటుంది. కంపెనీల్లో డేటా ఇంజినీరు రోజూ చేసేది ఆ చెత్త ఊడవడమే. కాబట్టి ప్రాజెక్టు ఊరిదైనా అందులో కనపడే నైపుణ్యం హ్యూస్టన్‌లో నీటి శుద్ధి ప్లాంటుకీ పనికొస్తుంది.

ఎంచుకునే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ ప్రాజెక్టు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఆ ప్రశ్న ఇంట్లో అమ్మకి చెప్పినా అర్థం కావాలి. మన ఉదాహరణలో ప్రశ్న ఇది: ఈ పంటలో ఎన్ని తెల్లవారుజాములు గుంటలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయింది?

అంత చిన్న ప్రశ్నలో బయట రాయడానికి ఏముంటుంది?

చాలా ఉంటుంది. కాస్త దగ్గరగా చూద్దాం.

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని గుంటల దగ్గర డీవో అంటారు. పగలు ఎండకి నీటిలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. రొయ్యలు, అడుగున కుళ్ళే మేత కూడా పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున డీవో అన్నిటికంటే కిందకి దిగుతుంది. వనామీ రొయ్యకి లీటరుకి 4 మిల్లీగ్రాములకి తగ్గకుండా ఏరియేటర్లు తిప్పుతారు. 4 గుంటల్లో 10 నిమిషాలకో రీడింగు తీస్తే గుంటకి రోజుకి 144, నాలుగింటికీ 576, 90 రోజుల పంటకి 51,840 వరసలు. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఆ అమ్మాయి తేదీల వారీగా కనిష్ఠ డీవో తీసి, 4 కింద పడిన రోజులు లెక్కపెట్టింది. ఒక గుంటకి 14 వచ్చింది. మేనమామని అడిగితే "అన్ని లేవు పాపా, ఏడో ఎనిమిదో" అన్నాడు. గ్రాఫు గీసి చూస్తే డీవో పడిపోయేది రాత్రి 11:30 ప్రాంతంలో కనపడింది. గుంట మీద ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళు ఎవరైనా అది తప్పని చెబుతారు.

కారణం ఏంటంటే రీడింగులు నమోదుచేసే పరికరం, అంటే లాగర్, టైమ్‌ని యూటీసీలో రాస్తోంది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే యూటీసీలో అర్ధరాత్రి, తేదీ మారే క్షణం, ఇక్కడ సరిగ్గా ఉదయం 5:30. డీవో అట్టడుగున ఉండే వేళ కూడా అదే. 4:40 నుంచి 6:10 దాకా సాగిన ఒక్క పతనం ఆ గీత మీద రెండు ముక్కలై, రెండు తేదీల్లోనూ 4 కింద రోజుగా నమోదైంది. నిజంగా చెడ్డ తెల్లవారుజాములు 8. అవి వరసగా కాక విడివిడిగా వచ్చాయి. వాటిలో 6 ఆ గీతను దాటాయి కాబట్టి రెండేసిగా లెక్కకొచ్చి మొత్తం 14 అయింది. సవరణ ఇంతే:

```python
df["ts"] = (pd.to_datetime(df["ts"])
            .dt.tz_localize("UTC")
            .dt.tz_convert("Asia/Kolkata"))
```

ఇది మొదటి పోస్టు. రెండోది సెన్సార్ గురించి. నీళ్ళలో మునిగి ఉన్న ప్రోబ్ మీద పాకుడు పడితే రీడింగు రోజురోజుకీ మెల్లగా తగ్గుతుంది. నిజంగా ఆక్సిజన్ తగ్గిందా, ప్రోబ్ మురికి పట్టిందా అని తేల్చుకోవడానికి మధ్యాహ్నపు గరిష్ఠం చూడాలి. అది కూడా అదే వాలులో దిగుతూ వచ్చి, ప్రోబ్ తుడిచిన రోజున ఒక్కసారిగా పైకి లేస్తే తప్పు ప్రోబ్‌ది.

మూడోది అన్నిటికంటే విలువైనది. కరెంటు పోయినప్పుడు లాగర్ ఆగి రీడింగులు తప్పిపోతాయి. చాలామంది ఆ ఖాళీని పాత విలువతో నింపేస్తారు, పాండాస్‌లో అది `ffill` అనే ఒక్క మాట. కానీ ఏరియేటర్లూ అదే లైను మీద ఉన్నాయి. కరెంటు పోతే అవి ఆగుతాయి, డీవో పడేది అప్పుడే. అంటే ప్రమాదం ఉన్న సమయంలోనే డేటా లేదు, ఆ ఖాళీని ప్రశాంతమైన విలువతో నింపేస్తున్నాం. ఇది తెలుసుకుని ఖాళీని ఖాళీగా ఉంచి, పక్కన గుర్తుగా ఒక నిలువు వరస పెట్టడం ఒక నిర్ణయం. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు వెతికేది ఇలాంటి నిర్ణయాల కోసమే.

గిట్‌హబ్‌లో ఎలా పెట్టాలి?

తెరిచిన మనిషి ముందు చూసేది `README.md`. కోడ్ దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ, వెళ్ళినా ఒకటో రెండో ఫైళ్ళు చూస్తారు. అందుకే మొదటి స్క్రీను మీదే ప్రశ్న ఒక వాక్యంలో, జవాబు ఒక వాక్యంలో, గ్రాఫు ఒకటి ఉండాలి. ఆ కింద ఎలా నడపాలో రాయండి. తర్వాత "ఏం తప్పయింది, ఎందుకు" అని ఒక భాగం పెట్టండి. వాడిన లైబ్రరీల రంగురంగుల బొమ్మలు వరసగా పేర్చడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. దానివల్ల జవాబు కిందికి జారిపోతుంది తప్ప వేరే ప్రయోజనం కనపడదు.

పెట్టాక ఇంకో కంప్యూటర్‌లో, లేదా స్నేహితుడి దగ్గర, కొత్త ఫోల్డర్‌లోకి దింపి మీరు రాసిన సూచనలతోనే నడిపించండి. పదిలో ఎక్కువసార్లు ఇక్కడే ఆగిపోతుంది. లైబ్రరీ పేరు `requirements.txt`లో మర్చిపోవడం, మీ కంప్యూటర్ ఫోల్డర్ దారి కోడ్‌లో ఉండిపోవడం, డేటా ఫైలు లేకపోవడం. 100 ఎంబీ దాటిన ఫైలుని గిట్‌హబ్ తీసుకోదు. పూర్తి డేటా బదులు ఒక గుంట, రెండు వారాల నమూనా పెడితే చాలు. 2,016 వరసలు, తేలిగ్గా ఎక్కుతాయి.

ప్రొఫైల్ పేజీలో ఆరు రిపోలు పిన్ చేసుకోవచ్చు. ఆరూ నింపాలని లేదు. ఒకటి బాగా చేసింది, ఇంకొకటి ఓ మోస్తరుది ఉంటే నాసిరకం నాలుగు దాని పక్కన పెట్టి పాడుచేసుకోకండి. అలాగే కమిట్లు చేసే ఈమెయిల్, గిట్‌హబ్ ఖాతాలో ఉన్న ఈమెయిల్ ఒకటేనా చూసుకోండి. వేరైతే నెలల పని మీ పేరు మీద కనపడదు. ఈ ఆదేశంతో తెలుస్తుంది:

```
git config user.email
```

లింక్డ్‌ఇన్ పోస్టు ఎలా రాయాలి? రోజూ రాయాలా?

రోజూ రాయడానికి రోజూ ఏదో కనుక్కోవాలి, అది ఎవరికీ సాధ్యం కాదు. చివరికి సర్టిఫికెట్లు, సుభాషితాలు, "నేర్చుకుంటూనే ఉందాం" అనే మాటలు మిగులుతాయి. రెండు వారాలకి ఒకటి చాలు. పై ప్రాజెక్టులో మూడు పోస్టులున్నాయి, అంటే ఆరు వారాలు.

పోస్టు 3,000 అక్షరాల దాకా రాయనిస్తుంది, కానీ ఫోనులో మొదటి రెండు మూడు లైన్లే కనపడి మిగతాది మడత కింద దాక్కుంటుంది. ఆ లైన్లలో విషయం పడాలి. "ఎంతో ఆనందంతో తెలియజేయునది ఏమనగా" అన్న తరహాలో మొదలుపెడితే మడత ఎవరూ విప్పరు. మన ఉదాహరణలో మొదటి లైను ఇలా ఉంటుంది: "మా లెక్కలో 14 రోజులు ఆక్సిజన్ పడిపోయింది. నిజానికి 8 రోజులే. మిగతా 6 టైమ్‌జోన్ తప్పు." తర్వాత డీవో అంటే ఏంటో ఒక వాక్యం, తేదీ గీత ఎక్కడ పడిందో రెండు వాక్యాలు, సవరణ, గ్రాఫు. వెయ్యి అక్షరాల లోపు అయిపోతుంది.

గ్రాఫు ఒక్కటే పెట్టండి, అందులో ఒక్క రాత్రే చూపించండి. మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఒక గీత, 4 దగ్గర అడ్డగీత, 5:30 దగ్గర నిలువుగీత. అక్షరాలు ఫోనులో చదవగలిగేంత పెద్దవి కావాలి. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉందనుకున్న గ్రాఫులు ఫోనులో చీమల బారులా ఉంటాయి.

పోస్టు చివర ఉద్యోగం కావాలని అడగకండి. మీకు నిజంగా తెలియని ఒక సంగతి అడగండి: "కరెంటు పోయిన ఖాళీలని మీరైతే ఎలా గుర్తు పెడతారు?" తెలిసినవాళ్ళు ఊరుకోలేరు.

నా ఇంగ్లీషు అంత బాగుండదు. తెలుగులో రాయొచ్చా?

చదవాల్సినవాళ్ళకి తెలుగు రాకపోతే ఇంగ్లీషులోనే రాయాలి. చిన్న వాక్యాలు, అంకెలు, గ్రాఫు ఉంటే ఇంగ్లీషు తప్పులు ఎవరూ పట్టించుకోరు. ముందు విషయాన్ని ఇంట్లో వాళ్ళకి ఫోనులో చెప్పినట్టు తెలుగులో రాసుకుని, తర్వాత మీ ఇంగ్లీషులో రాయండి. వేరే వాళ్ళ పోస్టుల్లోంచి తెచ్చిన బరువైన ఇంగ్లీషు మాటలు మీ నోటివి కావని మొదటి ఫోను కాల్లోనే బయటపడుతుంది.

మూడు పోస్టులు పెట్టాను. నలభై మంది కూడా చూడలేదు. ఏం తప్పు?

బహుశా తప్పేమీ లేకపోవచ్చు. కావాల్సింది నలభై మందిలో ఆ పనిలో ఉన్నవాళ్ళు ముగ్గురు. అందుకని పోస్టు పెట్టడంకంటే ముందు నాలుగు వారాలు ఇంకో పని చేయాలి. మీకు కావాల్సిన రకం ఉద్యోగంలో ఉన్న పాతిక మందిని వెతికి ఫాలో అవ్వండి. పెద్ద పేరున్నవాళ్ళు కాదు, సెన్సార్ డేటా మీద రోజూ చేయి పెట్టే ఇంజినీర్లు. వాళ్ళ పోస్టుల కింద వారానికి రెండు మూడు వ్యాఖ్యలు రాయండి. "చాలా బాగుంది సార్" అన్నది లెక్కలోకి రాదు. "మా ప్రోబ్ కూడా ఇలాగే దిగింది, మధ్యాహ్నపు గరిష్ఠంతో పోల్చి పట్టుకున్నాం" అన్నది వస్తుంది. అప్పుడు మీ పోస్టు వాళ్ళ కంట పడుతుంది.

ఎక్కడ ఆగిపోతోందో గిట్‌హబ్ చెబుతుంది. రిపోలో Insights లోపల Traffic తెరిస్తే గత 14 రోజుల్లో ఎంతమంది వచ్చారో, ఏ సైటు నుంచి వచ్చారో కనపడుతుంది. పద్నాలుగు రోజులు దాటితే ఆ లెక్క పోతుంది కాబట్టి రెండు వారాలకోసారి రాసి పెట్టుకోండి. పోస్టు చూసినవాళ్ళున్నా లింక్డ్‌ఇన్ నుంచి రిపోకి ఎవరూ రాకపోతే పోస్టు మొదటి లైన్లు మార్చాలి. రిపోకి వచ్చి కూడా ఎవరూ ఏమీ అడగకపోతే README మొదటి స్క్రీనులో జవాబు లేదని అర్థం.

నెల్లూరులో ఉన్న బాబాయిలు, పిన్నులు అందరి చేతా లైకు కొట్టించే పద్ధతి ఒకటుంది. ప్రేమతో చేసేదే, కానీ ఆపమని చెప్పండి. టైమ్‌జోన్ తప్పు గురించిన పోస్టు కింద "కంగ్రాట్స్ బంగారం" అని పదిహేను ఉంటే నిజంగా ప్రశ్న అడగాలనుకున్న ఇంజినీరు చదివి వెళ్ళిపోతాడు.

ముక్కూ మొహం తెలియని మనిషిని రిఫరల్ ఎప్పుడు, ఎలా అడగాలి?

కనీసం మూడు మాటలు నడిచాక. మన ఉదాహరణ తీసుకుంటే, మూడో పోస్టు కింద హ్యూస్టన్‌లో నీటి శుద్ధి ప్లాంట్ల డేటా మీద పనిచేసే ఒక ఇంజినీరు "లాగర్ ఆగిందా, లేక లాగర్ నడుస్తూ నెట్ పోయిందా, ఎలా తేడా పట్టుకుంటారు?" అని అడిగాడనుకోండి. అది మొదటి మాట. ఆమె దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పింది. లాగర్ తిరిగి మొదలైనప్పుడు రాసే వరస క్రమసంఖ్య చూసి, సంఖ్య మొదటికొస్తే కరెంటు పోయినట్టు, సంఖ్య ముందుకు దూకితే నెట్ పోయినట్టు అని మూడు రోజుల్లో వేరు చేసి కోడ్ మార్చి లింకు ఇచ్చింది. రెండో మాట. తర్వాత READMEలో "ఈ ప్రశ్న ఫలానావారు అడిగారు" అని ఆయన అనుమతితో రాసింది. మూడో మాట. ఇప్పుడు ఆ ఖాళీ పెట్టెలో రాయడానికి ఆయన దగ్గర సరుకుంది.

కనెక్షన్ అడిగేటప్పుడు రాసే చీటీలో చోటు తక్కువే, అందులో రిఫరల్ మాట ఎత్తకండి. పాత సంభాషణ గుర్తుచేస్తే చాలు. ఒప్పుకున్నాక వారం ఆగి పంపే మెసేజీ ఇంగ్లీషులోనే ఉంటుంది, సారాంశం ఇలా:

"నమస్తే. లాగర్ ఖాళీల గురించి మీరడిగిన ప్రశ్న వల్ల నా ప్రాజెక్టు బాగుపడింది, సవరించిన ఫైలు ఇది. మీ కంపెనీలో ఈ నంబరు గల డేటా ఇంజినీరు ఉద్యోగం చూశాను. ప్రకటనలో సెన్సార్ డేటా నాణ్యత అని ఉంది, నేను చేసింది అదే. నా పని మీరు చూసినంతవరకు సరిపోతుందనిపిస్తే రిఫర్ చేయగలరా? రెజ్యూమే జతచేశాను. కుదరకపోతే ఫర్వాలేదు, ఈ ఉద్యోగంలో నాకు తక్కువేముందో ఒక్క మాట చెప్పినా మేలు."

కాలేజీ సీనియరైతే "అన్నా", "అక్కా" అని మొదలుపెట్టండి, మిగతా సరుకు మాత్రం అదే ఉండాలి. వరస కలిపామని లింకు మానేయకూడదు.

ఒక మనిషిని ఒక ఉద్యోగానికే అడగండి. ఐదు నంబర్లు పంపితే ఏది మీకు సరిపోతుందో ఆయన వెతకాలి, ఆయన వెతకరు. రెజ్యూమే పీడీఎఫ్‌లో ఉండాలి, ఫైలు పేరులో మీ పేరుండాలి. "final_final_3" అన్న పేరుతో వచ్చినవి ఇప్పటికీ కనపడుతూనే ఉంటాయి. వారంలో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, తర్వాత వదిలేయండి.

కంపెనీ సైటులో ముందే అప్లై చేసేశాను. ఇప్పుడు రిఫరల్ పనిచేస్తుందా?

చాలా కంపెనీల్లో చేయదు. సిస్టం మిమ్మల్ని ఈమెయిల్‌తో గుర్తుపడుతుంది. ఆ ఉద్యోగానికి ఆ ఈమెయిల్‌తో అప్పటికే దరఖాస్తు ఉంటే రిఫరల్ తగిలించనివ్వదు. కాబట్టి వరస ఇది: ముందు అడగండి, ఆయన ఎక్కించాక మీకు ఈమెయిల్‌లో లింకు వస్తుంది, దానితోనే అప్లై చేయండి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. ఇంకో ఈమెయిల్‌తో రెండోసారి అప్లై చేద్దామనే ఆలోచన వద్దు, ఒకే మనిషి రెండుసార్లు కనపడితే అనుమానం వస్తుంది. అదే కంపెనీలో వేరే నంబరు ఉద్యోగం ఉంటే దానికి అడగొచ్చు.

అలాగని రిఫరల్ కోసం నెల రోజులు కాచుకోకూడదు. ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే రిక్రూటర్లు రెజ్యూమేలు చూడ్డం మొదలుపెడతారు. రెండు మూడు రోజుల్లో ఎవరూ దొరకకపోతే నేరుగా అప్లై చేసేయండి.

బయట పెట్టకూడనివి ఏంటి?

మొదటిది పాస్‌వర్డులు, ఏపీఐ కీలు. `.env` ఫైలు పొరపాటున ఎక్కితే, దాన్ని తీసేసి కొత్త కమిట్ చేసినంత మాత్రాన పోదు, పాత చరిత్రలో ఉండిపోతుంది. ముందు ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోండి, శుభ్రం చేయడం తర్వాత.

రెండోది రైతు సంగతులు. గుంట ఎక్కడుంది, ఎన్ని పిల్లలు వదిలారు, ఏ కౌంటులో పట్టారు, మేత బాకీ ఎంత అన్నవి వ్యాపార రహస్యాలు. మేనమామే అయినా అడిగి, జీపీఎస్ అంకెలు తీసేసి, గుంటలకి ఏ, బీ, సీ, డీ అని పేర్లు పెట్టి, తేదీలు జరిపి పెట్టండి. అలా చేశారని READMEలో ఒక వాక్యం రాస్తే, అది కూడా మీ పనితనంలో భాగమే.

మూడోది కాలేజీ అసైన్‌మెంట్ల జవాబులు. చాలా యూనివర్సిటీల్లో వాటిని అందరికీ కనపడేలా పెట్టడం నియమాల ఉల్లంఘన. ఇక్కడ బెంగళూరులోనో చెన్నైలోనో ముందు పనిచేసి వెళ్ళినవాళ్ళు పాత కంపెనీ కోడ్ ఒక్క లైను కూడా తీసుకోకూడదు. అది చూసిన కొత్త కంపెనీ "రేపు మా కోడూ ఇలాగే పెడతాడు" అనుకుంటుంది.

కన్సల్టెన్సీ వాళ్ళు ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెడతామంటున్నారు. దాంతోపాటు ఇది కూడా చేయొచ్చా?

రెండూ ఒక ఒరలో ఇమడవు. గిట్‌హబ్‌లో ప్రతి కమిట్‌కీ తేదీ ఉంటుంది, లింక్డ్‌ఇన్‌లో బీటెక్ ఏ సంవత్సరం పూర్తయిందో ఉంటుంది. ఐదేళ్ళు డేటా ఇంజినీరుగా చేశానన్న మనిషి ఏడాది క్రితం పాండాస్ మొదటి పాఠాలు కమిట్ చేసినట్టు కనపడితే ఎవరైనా ఒక్క నిమిషంలో లెక్క వేస్తారు. అంతకంటే పెద్ద చిక్కు ఏంటంటే, మిమ్మల్ని రిఫర్ చేసిన మనిషి పేరు ఆ ఫారంలో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మీరు దొరికితే ఆయన మాట కూడా పోతుంది. ఇమిగ్రేషన్ పత్రాల్లో తప్పుడు అనుభవం చేరితే దాని పర్యవసానం ఉద్యోగంతో ఆగదు.

ఓపీటీ రోజులు అయిపోతున్నాయి. ఆ సంగతి ప్రొఫైల్ హెడ్‌లైన్‌లో పెట్టాలా?

వద్దు. హెడ్‌లైన్‌కి 220 అక్షరాలుంటాయి, అందులో మీరేం చేయగలరో రాయండి. "సెన్సార్, టైమ్ సిరీస్ డేటా మీద పనిచేసే డేటా ఇంజినీరు" అన్నది వెతికితే దొరుకుతుంది. "అర్జెంటుగా ఉద్యోగం కావాలి" అన్నది దొరకదు.

లెక్క మాత్రం మీ దగ్గర పక్కాగా ఉండాలి. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు, కార్డు మీద ఉన్న మొదలయ్యే తేదీ నుంచి లెక్క. స్టెమ్ పొడిగింపు వస్తే పాతవీ కొత్తవీ కలిపి 150. ఆ 24 నెలల పొడిగింపుకి కంపెనీ ఈ-వెరిఫైలో ఉండి తీరాలి, కాబట్టి రిఫరల్ అడగబోయే కంపెనీల జాబితాలో ఆ వరస కూడా చేర్చుకోండి. ఆరేడు వారాల పోస్టుల పని ఓపీటీ మొదలయ్యాక ఎత్తుకుంటే రోజులు కరిగిపోతాయి. చివరి సెమిస్టరులోనే మొదలుపెట్టాలి.

ప్రాజెక్టుని సొంతంగా, డబ్బు లేకుండా చేసి చూపించడం ఒకటి, దాని మీద ఫ్రీలాన్స్ పని పట్టడం, వీడియోలకి ప్రకటనల డబ్బు తీసుకోవడం వేరొకటి. డబ్బు అన్న మాట వచ్చిందంటే ముందు కాలేజీలోని డీఎస్‌వోని అడగండి.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఈ రిపోలు తీసేయాలా?

తీయొద్దు. ఆఫరు కాగితాల్లో, ఉద్యోగంలో ఉండగా చేసినవి కంపెనీవే అనే ఒప్పందం సాధారణంగా ఉంటుంది. దానితోపాటు చేరకముందు మీరు చేసినవి రాసుకోమని ఒక జాబితా కూడా ఇస్తారు. చాలామంది దాన్ని ఖాళీగా వదిలి సంతకం పెడతారు. రొయ్యల గుంటల రిపో పేరు, లింకు, చివరి కమిట్ తేదీ అందులో రాయండి. చేరాక దానిమీద పని కొనసాగించాలంటే కంపెనీ ల్యాప్‌టాప్ వాడకండి, ముందు మేనేజర్‌ని అడగండి. రిఫర్ చేసినాయనకి మాత్రం సంతకం పెట్టిన రోజే చెప్పండి. చాలా కంపెనీల్లో ఆయనకి బోనస్ కూడా వస్తుంది, మీరు చేరిన తేదీ ఆయనకి అవసరం.